నెలంతా 16 వంటలే, అయినా రోజూ అదే తిన్నట్టు ఉండకూడదంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఈరోజు ఏం వండను?" అనే ప్రశ్నకు ఒక పద్ధతి పెట్టుకున్నామని చెప్పిన దగ్గర్నుంచి బంధువులు, స్నేహితులు, పక్కింటివాళ్లు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఇది పప్పు, కూర, చారు, పెరుగుతో సాగే మామూలు తెలుగింటి మధ్యాహ్న భోజనం గురించి. కొలతలు నలుగురికి సరిపడా చెప్పాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

రోజూ వేరే కూరగాయే వండుతున్నా ఇంట్లోవాళ్లు "మళ్లీ ఇదేనా" అంటున్నారు. ఎందుకు?

కూరగాయ మారినా వండే తీరు మారకపోవడం వల్ల. సోమవారం దొండకాయ వేపుడు, మంగళవారం బెండకాయ వేపుడు, బుధవారం బంగాళాదుంప వేపుడు చేస్తే మనం మూడు వంటలు చేశామనుకుంటాం. తినేవాళ్లకు మాత్రం మూడు రోజులూ నూనెలో వేగి కారం చల్లిన ముక్కలే. అదే వంకాయను ఒకరోజు అల్లం పచ్చిమిర్చి ముద్దతో మగ్గించి, ఇంకోరోజు కాల్చి పెరుగుపచ్చడి చేసి, మరోరోజు గుత్తివంకాయ చేస్తే, వారంలో మూడుసార్లు వంకాయ తిన్నామన్న విషయమే చాలామందికి తట్టదు.

రెండో కారణం పోపు. పప్పులో వెల్లుల్లి, కూరలో వెల్లుల్లి, చారులో కూడా వెల్లుల్లే వేస్తే కంచంలో ఉన్నదంతా ఒకే వాసన వస్తుంది. పప్పుకు వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన పూట చారుకు ఇంగువ, జీలకర్ర వేయండి. కూరలో ఏ పోపూ గట్టిగా తగలకపోయినా ఫరవాలేదు. వంటలేవీ మార్చకుండా ఈ ఒక్క మార్పు చేసినా వారంలో తేడా తెలుస్తుంది.

ఎన్ని వంటలు వస్తే చాలు?

16. పప్పులు 5, కూరలు 8, చారూ పులుసూ కలిపి 3. పచ్చళ్లు, పొడులు, పెరుగు ఈ లెక్కలోకి రావు. మీకు 30 కూరలు వచ్చి ఉండొచ్చు. అయినా చూడకుండా, ఆలోచించకుండా, పొద్దున్నే హడావుడిలో కూడా చేయగలిగిన 8 మాత్రమే రాసుకోండి. మిగతావి పండగలకు, తీరిక ఉన్న రోజులకు ఉంటాయి.

వారానికి ఒక టైమ్‌టేబుల్ పెట్టుకుంటే సరిపోదా? సోమవారం ఇది, మంగళవారం అది అని.

మేమూ మొదట అదే చేశాం. మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో మంగళవారం మా అబ్బాయి స్కూలుకు వెళ్తూ "ఈరోజు క్యాబేజీ కదా" అన్నాడు, ఇంకా కుక్కర్ కూడా పెట్టకముందే. కంచంలో ఏముందో ముందే తెలిసిపోతే దాని మీద ఆసక్తి అక్కడే పోతుంది. పైగా వారం లెక్కలో పప్పు, కూర, చారు ఒకే జట్టుగా కట్టుబడిపోతాయి. క్యాబేజీ వచ్చిందంటే దాని వెనకాలే అదే పప్పు, అదే చారు. మూడింటినీ విడదీసి, దేని వరసలో దాన్ని నడవనిస్తే అవే వంటలు కొత్త జతల్లో ఎదురవుతాయి.

## జాబితా రాసేటప్పుడు

5, 8, 3 అనే ఈ అంకెలే ఎందుకు? 6, 6, 6 పెట్టుకోకూడదా?

6, 6, 6 పెడితే ఆరు రోజులకు మొదటి భోజనమే యథాతథంగా తిరిగి వస్తుంది. అంటే మీ దగ్గర 18 వంటలు ఉన్నా ఉన్నది ఆరు భోజనాలే. పప్పు 5, కూర 8 అయితే అలా జరగదు. ఈ రెండు అంకెలకు 1 తప్ప ఉమ్మడి భాగకం లేదు కాబట్టి, ఏ పప్పు ఏ కూరతో కలిసిందో ఆ జత మళ్లీ 40 వంట రోజులకు గానీ రాదు. నెల అయిపోతుంది, ఏ జతా తిరిగి రాదు.

కూరలు 7 మాత్రం పెట్టుకోకండి. వారానికి ఏడు రోజులు కాబట్టి ప్రతి కూరా వారంలో ఒకే రోజుకు అతుక్కుపోతుంది. ఆదివారం వేరే వంట చేసుకునే ఇళ్లలో వారానికి ఆరే వంట రోజులు, అక్కడ 6 కూడా పనికిరాదు. కూరలు 8 ఉన్నప్పుడు చారులు 4 పెట్టినా ఇబ్బందే. నాలుగు రెట్టిస్తే ఎనిమిది కాబట్టి దొండకాయ ఎప్పుడు వచ్చినా దానితో ఒకే చారు వస్తుంది. 3 పెడితే ఆ ముడి పడదు.

మీ 16 వంటలు ఏమిటో, అవి ఎలా కలుస్తాయో చూపిస్తారా?

పప్పుల వరస: పాలకూర పప్పు, ముద్దపప్పు, టమాటా పప్పు, దోరగా వేయించిన పెసరపప్పు, దోసకాయ పప్పు.

కూరల వరస: దొండకాయ వేపుడు, పాలు పోసిన బీరకాయ కూర, అల్లం పచ్చిమిర్చి పెట్టిన వంకాయ కూర, కాకరకాయ ఉల్లికారం, క్యాబేజీ కొబ్బరి కూర, బంగాళాదుంప వేపుడు, ఆవపెట్టిన అరటికాయ కూర, చిక్కుడుకాయ టమాటా కూర.

చారుల వరస: మిరియాల చారు, పచ్చిపులుసు, మజ్జిగ పులుసు.

మూడింటినీ మొదటి వంటతో మొదలుపెట్టి, రోజుకొక అడుగు ముందుకు జరపాలి. అలా జరిపితే తొమ్మిది రోజులు ఇలా వస్తాయి:

| రోజు | పప్పు | కూర | చారు |
|---|---|---|---|
| 1 | పాలకూర పప్పు | దొండకాయ వేపుడు | మిరియాల చారు |
| 2 | ముద్దపప్పు | బీరకాయ పాలు పోసి | పచ్చిపులుసు |
| 3 | టమాటా పప్పు | వంకాయ అల్లం పచ్చిమిర్చి | మజ్జిగ పులుసు |
| 4 | పెసరపప్పు | కాకరకాయ ఉల్లికారం | మిరియాల చారు |
| 5 | దోసకాయ పప్పు | క్యాబేజీ కొబ్బరి | పచ్చిపులుసు |
| 6 | పాలకూర పప్పు | బంగాళాదుంప వేపుడు | మజ్జిగ పులుసు |
| 7 | ముద్దపప్పు | అరటికాయ ఆవపెట్టి | మిరియాల చారు |
| 8 | టమాటా పప్పు | చిక్కుడుకాయ టమాటా | పచ్చిపులుసు |
| 9 | పెసరపప్పు | దొండకాయ వేపుడు | మజ్జిగ పులుసు |

రెండో రోజు చూడండి. ముద్దపప్పు, పచ్చిపులుసు తెలంగాణ ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న జత. అది దానంతట అదే కుదిరింది. ఎనిమిదో రోజు మాత్రం పప్పులోనూ కూరలోనూ టమాటాయే పడింది. అందుకని ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు పప్పులను అటూ ఇటూ మార్చేశాం. చిక్కుడుకాయ పక్కకు పెసరపప్పు వచ్చింది, దొండకాయ వేపుడు పక్కకు టమాటా పప్పు వెళ్లింది.

ఆ దొండకాయ వేపుడునే నెలంతా గమనించండి. 1, 9, 17, 25వ రోజుల్లో నాలుగుసార్లు వస్తుంది. మొదటిసారి పాలకూర పప్పుతో, రెండోసారి టమాటా పప్పుతో, మూడోసారి ముద్దపప్పుతో, నాలుగోసారి దోసకాయ పప్పుతో. నాలుగు భోజనాలూ వేరు.

కూరల వరసలో ఏది ముందు, ఏది తర్వాత అనేదానికి లెక్క ఉందా?

ఉంది. ఒకే తీరు వంటలు పక్కపక్కన పడకూడదు. రెండు వేపుళ్ల మధ్య కనీసం రెండు రోజులు ఉండేలా పెట్టుకోండి. పై వరసలో దొండకాయ ఒకటో చోట, బంగాళాదుంప ఆరో చోట ఉన్నాయి. తియ్యగా, మెత్తగా ఉండే బీరకాయ తర్వాత ఘాటైన వంకాయ కారం వచ్చేలా పెట్టాను. రుచి ఒక రోజు తగ్గి మరుసటి రోజు పెరిగితే, తగ్గిన రోజు కూడా బాగుంటుంది. 8వ చోటు అయిపోగానే 1వ చోటు వస్తుంది కాబట్టి చివరిదీ మొదటిదీ కూడా పక్కపక్కనే ఉన్నట్టు లెక్కవేసుకోవాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

ఎక్కడి దాకా వచ్చామో రోజూ ఎలా గుర్తుంటుంది?

గుర్తుపెట్టుకోవద్దు. అట్టముక్క నుంచి మూడు పట్టీలు కత్తిరించి, ఒకదాని మీద పప్పులు, ఒకదాని మీద కూరలు, ఒకదాని మీద చారులు పైనుంచి కిందికి రాయండి. ప్రతి పట్టీ అంచుకు బట్టలు ఆరేసే క్లిప్పు ఒకటి తగిలించండి. మా వంటింటి అలమర తలుపు లోపలి వైపు ఇవి మేకుకు వేలాడుతుంటాయి. రాత్రి గిన్నెలు సర్దాక మూడు క్లిప్పులూ ఒక్కో గడి కిందికి జరుపుతాం. పొద్దున అలమర తెరిస్తే ఆ రోజు భోజనం కనిపిస్తుంది. ఫోన్‌లో రాసి చూశాం గానీ చేతికి పిండి అంటుకుని ఉన్నప్పుడు ఫోన్ తెరవడం కష్టం. పైగా వంట చేసేది ఎవరైనా సరే, అడగకుండా చూసుకోవడానికి పట్టీలే వీలుగా ఉన్నాయి.

## సరుకులు, కూరగాయలు తెచ్చేటప్పుడు

నెల సరుకుల్లో పప్పులు ఎంత తెచ్చుకోవాలి?

నలుగురికి పూటకు 150 గ్రాముల పప్పు సరిపోతుంది. అయిదు పప్పుల వరసలో ఒకటే పెసరపప్పు కాబట్టి 30 రోజుల్లో అది ఆరుసార్లు వస్తుంది, అంటే 900 గ్రాములు. మిగిలిన 24 రోజులూ కందిపప్పు, అంటే 3 కిలోల 600 గ్రాములు. నాలుగు కిలోల కందిపప్పు, ఒక కిలో పెసరపప్పు తెస్తే నెలాఖరుకు కొంచెం మిగులుతుంది. రాత్రికి కూడా పప్పు మిగలాలనుకునే ఇళ్లు పూటకు 200 గ్రాముల లెక్కన చూసుకోవాలి.

వారానికి ఒకసారే మార్కెట్‌కు వెళ్తాం. వరస ప్రకారం వండేలోపు కూరగాయలు వాడిపోతున్నాయి.

వరసను ఆ వారం మట్టుకు సర్దుకోండి. ఆదివారం పొద్దున మార్కెట్‌కు బయల్దేరే ముందు కూరల పట్టీలో రాబోయే ఏడు గడులూ చూడండి. ఉదాహరణకు క్లిప్పు కాకరకాయ దగ్గర ఉందనుకుందాం. సోమవారం నుంచి వరస ఇలా ఉంటుంది: కాకర, క్యాబేజీ, బంగాళాదుంప, అరటి, చిక్కుడు, దొండ, బీర. ఇలాగే వదిలేస్తే ఆదివారం నాటికి బీరకాయ మెత్తబడుతుంది, శనివారానికి దొండకాయలు కొన్ని లోపల పండి ఎర్రబడతాయి.

నిలవుండే క్యాబేజీని చివరికి పంపి, బీరకాయను మంగళవారానికి తెచ్చుకోండి. బంగాళాదుంపను శనివారానికి పంపి, దొండకాయను బుధవారానికి తెచ్చుకోండి. ఈ రెండు మార్పులతో ఏదీ పారేయాల్సిన పని ఉండదు. వారం అయ్యాక క్లిప్పును మామూలుగా తర్వాతి గడికి జరిపేయడమే.

ఆకుకూర మాత్రం తెచ్చిన రెండు రోజుల్లో వండేయాలి. తడి లేకుండా పేపర్‌లో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఇంకో రోజు ఆగుతుంది. పప్పుల వరస అయిదే కాబట్టి ఆకుకూర పప్పు ఒక్కోసారి వారం చివర పడుతుంది. ఆ రోజు వీధిలోకి వచ్చే బండి దగ్గర రెండు కట్టలు కొనుక్కోవడమే మంచిది.

జాబితాలో ఉన్న కూరగాయ దొరకలేదు, లేదా ధర మండిపోతోంది. ఏం చేయాలి?

కూరగాయను మార్చండి, వండే తీరును మార్చకండి. వేపుడు గడిలో దొండకాయ దొరక్కపోతే బెండకాయ వేపుడు చేయండి. పాలు పోసే గడిలో బీరకాయ బదులు సొరకాయ సరిపోతుంది. ఆవపెట్టే గడిలో అరటికాయ లేకపోతే పనసపొట్టు గానీ కంద గానీ వేయొచ్చు. తీరు మారలేదు కాబట్టి వరసలోని ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి, పక్కరోజు వంటతో గొడవ రాదు.

టమాటా ధర పెరిగినప్పుడు టమాటా పప్పు గడిలో చింతపండు వేసిన సొరకాయ పప్పు చేస్తాం. చిక్కుడుకాయలో టమాటా బదులు వేయించిన నువ్వుల పొడి చల్లుతాం. నిజానికి ఆ కూర మాకు అలాగే ఎక్కువ నచ్చింది.

సీజన్ మారితే జాబితా మొత్తం మళ్లీ రాయాలా?

అక్కర్లేదు. రెండు మూడు గడులు మారితే చాలు. వేసవి వచ్చిందంటే దోసకాయ పప్పు గడిలోకి మామిడికాయ పప్పు వస్తుంది. చింతచిగురు దొరికే కొద్ది రోజులూ పాలకూర గడి దానిదే. ఆకుకూర గడిని ఎప్పుడూ ఒకే ఆకుకు కట్టేయకండి. తోటకూర, చుక్కకూర, బచ్చలికూర, మెంతికూర, ఏది తాజాగా ఉంటే అది. చుక్కకూర, గోంగూర, చింతచిగురు వేసినప్పుడు చింతపండు వేయనక్కర్లేదు, వాటి పులుపే చాలు. ఎండలు మొదలయ్యాక మిరియాల చారు తీసేసి నిమ్మకాయ చారు పెట్టుకుంటే బాగుంటుంది. వానాకాలంలో మిరియాలు మళ్లీ వస్తాయి.

## నెల నడుస్తుండగా

ఆదివారం చికెనో బిర్యానీయో చేస్తాం. అప్పుడు క్లిప్పులు జరపాలా?

ఆ రోజు ఏది వండితే దాని క్లిప్పే జరపండి. చికెన్ కూర చేసి చారు పెట్టుకున్నారంటే చారు క్లిప్పు మాత్రం జరుగుతుంది, పప్పు, కూర ఉన్నచోటే ఉండి సోమవారం వస్తాయి. పండగలకు, బయట తిన్న రోజులకు, ఊరెళ్లిన రోజులకు కూడా ఇదే లెక్క. తేదీలు చూసి వరసను పరిగెత్తించకండి. తేదీకి కట్టుబడిన జాబితా ఒక్క రోజు తప్పగానే మూలపడుతుంది. క్లిప్పు ఆగిన చోటే ఉంటుంది కాబట్టి ఎన్నాళ్లకు తిరిగొచ్చినా అక్కడి నుంచే మొదలవుతుంది.

పచ్చళ్లను ఈ వరసలో ఎక్కడ కలపాలి?

ఎక్కడా కలపకండి, ఆ రోజు మిగిలినదాన్ని బట్టి చేసుకోండి. బీరకాయ కూర చేసిన రోజు తొక్కులు పారేయకుండా ఉంచితే మరుసటి రోజు బీరపొట్టు పచ్చడి అవుతుంది. తొక్కులను నూనెలో పచ్చిదనం పోయేదాకా వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, కొంచెం చింతపండు వేసి కచ్చాపచ్చాగా నూరాలి. క్యాబేజీకి కొబ్బరికాయ కొట్టిన రోజు రెండో చిప్ప కొబ్బరి పచ్చడికి వెళ్తుంది. దోసకాయ పప్పుకు కోసిన కాయలో సగం మిగిలితే పచ్చి ముక్కల దోసకాయ పచ్చడి. కాయ కోయగానే ఒక ముక్క నోట్లో వేసుకుని చేదు చూడండి, చేదు దోసకాయ పప్పును కూడా పాడుచేస్తుంది.

రోటి పచ్చడి ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగుంటుంది. ఏమీ మిగలని రోజులకు కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం ఒక్కో సీసా ఉంటే చాలు.

పులుపు మీద పులుపు పడుతోంది. ఎలా సర్దుకోవాలి?

చారులు మూడింట్లోనూ ఏదో ఒక పులుపు ఉంటుంది కాబట్టి తగ్గించాల్సింది పప్పులో. దోసకాయ పప్పు, పచ్చిపులుసు ఒకేరోజు వస్తే పప్పులో చింతపండు మానేయండి, దోసకాయకున్న పులుపు సరిపోతుంది. మామిడికాయ పప్పు రోజున మజ్జిగ పులుసు పడితే మరుసటి రోజు చారుతో మార్చుకోండి. అరటికాయకు ఆవ పెట్టినప్పుడు నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చింతపండే నానబెట్టండి. ఆ ఆవముద్దను పొయ్యి కట్టేశాకే కలపాలి, ఉడికితే చేదెక్కుతుంది.

రాత్రి భోజనానికి వేరే జాబితా కావాలా?

మా ఇంట్లో లేదు. మధ్యాహ్నం పప్పు మిగిలితే రాత్రి చపాతీలోకి వెళ్తుంది, లేదంటే ఉప్మా, దోసె, పెసరట్టు లాంటి టిఫిన్. మధ్యాహ్నం కూర రాత్రికి కూడా మిగిలేలా వండితే ఎంత వరస పెట్టుకున్నా ఆ కూర రెండుసార్లు తిన్నట్టే లెక్క. అందుకని పప్పు కొంచెం ఎక్కువైనా కూర మాత్రం పూటకు సరిపడా అర కిలో ముక్కలే వండుతాం. బీరకాయ బాగా తగ్గిపోతుంది కాబట్టి అది ముప్పావు కిలో.

అమెరికాలో ఉంటాం. ఇండియన్ స్టోర్‌కు రెండు వారాలకోసారి వెళ్తాం. ఇది కుదురుతుందా?

కుదురుతుంది. వరసలోని మొదటి నాలుగైదు రోజులకు తాజా కూరగాయలు, ఆ తర్వాతి రోజులకు క్యాబేజీ, బంగాళాదుంప, ఫ్రోజెన్ దొండకాయ, ఫ్రోజెన్ చిక్కుడుకాయ అని సర్దుకోండి. ఫ్రోజెన్ దొండకాయను మంచు కరిగించకుండానే వేడి నూనెలో వేసి, మూత పెట్టకుండా వేయించాలి. కరిగించి వేస్తే నీరూరి వేపుడు ముద్దవుతుంది. పాలకూర అక్కడ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది కాబట్టి ఆకుకూర గడికి ఇబ్బంది లేదు.

## తేడా వచ్చినప్పుడు

వరస బాగా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంట్లోవాళ్లు ఏమీ చెప్పరు.

ఆవకాయ జాడీ చూడండి. కూర నచ్చని రోజు చేయి పచ్చడి వైపే వెళ్తుంది. వారంలో ఒకటి రెండుసార్లు తినే పచ్చడి రోజూ కంచంలోకి వస్తోందంటే వరసలో ఎక్కడో తప్పు ఉంది. ఇంకో గుర్తు లంచ్ బాక్స్. అన్నం తిని కూర వెనక్కి తెచ్చిన రోజు పట్టీ మీద ఆ వంట పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టండి. ఒకే వంటకు మూడు చుక్కలు పడితే దాన్ని తీసేసి అదే తీరులో ఇంకొకటి రాయండి. చుక్కలు వేర్వేరు వంటలకు పడుతూ ఉంటే తప్పు వంటలది కాదు, పక్కపక్కన పడిన జతలది.

పిల్లలు కాకరకాయ అసలు ముట్టరు. ఆ రోజు వాళ్లకు వేరే వండాలా?

వేరే కూర వండొద్దు, వాళ్లు తినే పప్పు ఆ రోజు పడేలా చూడండి. మా అమ్మాయికి కాకరకాయ పడదు, ముద్దపప్పు నెయ్యి అంటే ప్రాణం. కాకరకాయ రోజున వేరే పప్పు వస్తే దగ్గరలోని ముద్దపప్పును ఆ రోజుకు మార్చేస్తాం. తను పప్పన్నం, అప్పడం, చారన్నంతో ముగిస్తుంది, మేం ఉల్లికారం తింటాం.

రెండు మూడు నెలలయ్యాక ఇది కూడా విసుగనిపిస్తే?

16 వంటలనూ ఒకేసారి మార్చకండి, కొత్త వంటలు చేతికి అలవాటు కాక మళ్లీ పొద్దున్నే టెన్షన్ మొదలవుతుంది. నెలకు ఒక్క కూర తీసి ఒక్క కూర పెట్టండి. ఎక్కువ చుక్కలు పడినదాన్ని తీసేస్తే సరి. మాకు కిందటి నెల చిక్కుడుకాయల కాలం అయిపోవడంతో ఆ గడి ఖాళీ అయింది. అక్కడ ఇప్పుడు గోరుచిక్కుడు, కొబ్బరికారం ఉన్నాయి. పక్కనే దొండకాయ వేపుడు ఉంది కాబట్టి దీన్ని వేపుడుగా కాకుండా ఉడికించి, నీళ్లు ఇగిరాక కారం కలిపి దించుతున్నాం.